వెబర్ ఉద్యోగిస్వామ్యం: జవాబు పత్రాల్లో ఏటా ఎదురయ్యే అపోహలు

ప్రభుత్వ పాలనాశాస్త్రం పాఠం చెబుతూ, జవాబు పత్రాలు దిద్దుతూ ఇరవై ఏళ్లు దాటింది. రాసి ఉన్న నిబంధనలతో, అంచెలంచెల ఉద్యోగులతో నడిచే పాలనే ఉద్యోగిస్వామ్యం. దాని లక్షణాలను జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ ఒక ఆదర్శ నమూనాగా కూర్చాడు. "వెబర్ ఆదర్శ నమూనా లక్షణాలను వివరించి, విమర్శనాత్మకంగా పరిశీలించండి" అనే ప్రశ్న వచ్చిన ఏడాది పత్రాలన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. పేజీన్నర లక్షణాలు, కింద స్కేలుతో ఒక గీత, ఆ తర్వాత పేజీ నిండా లోపాలు. పై భాగానికీ కింది భాగానికీ సంబంధం ఏమిటని అడిగితే ఆ గీత ఒక్కటే కనిపిస్తుంది. లక్షణాల్లోంచే లోపాలు ఎలా పుడతాయో చెప్పడం ఈ ప్రశ్నకు ప్రాణం. అది అందకుండా అడ్డుపడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆదర్శ నమూనా అంటే అందరూ అనుసరించాల్సిన ఉత్తమ నమూనా.

ఇందులో సగం తప్పు మన అనువాదానిది. ఆదర్శ గ్రామం, ఆదర్శ ఉపాధ్యాయుడు అని వినీ వినీ ఆ మాట కనబడగానే మనకు పూలదండ గుర్తొస్తుంది. వెబర్ 1904లో సామాజిక శాస్త్రాల్లో నిష్పాక్షికత గురించి రాసిన వ్యాసంలోనే ఈ పొరపాటు జరగకుండా జాగ్రత్తపడ్డాడు. మతాలకు ఆదర్శ నమూనాలు ఉన్నట్టే వేశ్యాగృహాలకూ ఉండవచ్చని అందులో రాశాడు. వాస్తవంలో చెల్లాచెదురుగా ఉన్న కొన్ని లక్షణాలను ఏరి, వాటిని కావాలనే కొంత పెద్దవి చేసి, ఒకదానితో ఒకటి పొసిగేలా కట్టిన మానసిక చిత్రమే ఆదర్శ నమూనా. అచ్చంగా అలాంటి కార్యాలయం ప్రపంచంలో ఎక్కడా ఉండదు. ఉన్న కార్యాలయం ఆ చిత్రానికి ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఉందో కొలవడానికే అది పనికొస్తుంది.

కొలిచి చూపిస్తే పరీక్షకుడికి మీరు విషయం అర్థం చేసుకున్నారని తెలుస్తుంది. మన దగ్గరే చక్కని ఉదాహరణ ఉంది. కరణం, మునసబు పదవులు చాలా చోట్ల వంశపారంపర్యంగా వచ్చేవి. గ్రామ లెక్కల దస్త్రం కరణం ఇంట్లో ఉండేది. తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్నదే శిక్షణ. వెబర్ లక్షణాలను పక్కన పెట్టి చూడండి. పదవి ఆ పదవిలో ఉన్నవాడి సొత్తు కాకూడదు. కార్యాలయం వేరు, ఇల్లు వేరు. నియామకం అర్హతను బట్టి జరగాలి. ఉద్యోగి తన పూర్తి సమయాన్ని ఆ పనికే ఇచ్చి, నిర్ణీత జీతం తీసుకోవాలి. కరణీకం ఈ నాలుగింటికీ దూరం. ఆచారం, వంశం బలంతో నడిచే అధికారాన్ని వెబర్ సంప్రదాయ అధికారం అన్నాడు. కరణీకం దానికి దగ్గర.

గుంటూరు జిల్లాలో ఒక గ్రామాన్ని రెండుగా విడగొట్టినప్పుడు కొత్త మునసబు పదవిని పాత మునసబు కుమారుడికే ఇవ్వాలన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దశరథ రామారావు కేసుగా పేరుపడిన ఆ తీర్పు 1960 డిసెంబరులో వచ్చింది. వంశాన్ని బట్టి ప్రాధాన్యం ఇచ్చే ఆ పాత మద్రాసు చట్టపు నిబంధన ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఇచ్చే రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. గ్రామ మునసబు కూడా రాజ్యం కింద పదవిలో ఉన్నవాడే కాబట్టి, ఆ పదవికి పుట్టుక అర్హత కాజాలదు. సంప్రదాయ అధికారం నుంచి, రాసిన నిబంధనల మీద నిలిచే చట్టబద్ధ హేతుబద్ధ అధికారానికి మారడమంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చూపించే ఉదాహరణ పాఠ్యపుస్తకంలో దొరకదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవులనే రద్దు చేసింది.

ఇక్కడ ఒక మాట కలపండి. ఏ సర్వే నంబరు ఎవరి తాత అమ్మాడో, ఏ గట్టు ఏ ఏడు జరిగిందో కరణానికి నోటికి తెలుసు. ఆ ఎరుకతోనే అతను అక్రమాలు చేయగలిగాడు, ఆ ఎరుకతోనే తగవులూ తీర్చాడు. అతని చోట కాగితం చూసి పనిచేసే ఉద్యోగి వచ్చాక పక్షపాతానికి చోటు తగ్గింది. కాగితంలో లేనిది తెలియకపోవడం మొదలైంది. లాభమూ నష్టమూ ఒకే తలుపులోంచి వచ్చాయి.

అపోహ: వెబర్ ఉద్యోగిస్వామ్యాన్ని నెత్తిన పెట్టుకున్నాడు, దాని లోపాలు తర్వాతివాళ్లు కనిపెట్టారు.

అతను దాన్ని సాంకేతికంగా మెరుగైనదన్నాడు. అయితే దేనితో పోల్చి? రాజుగారి ఆశ్రితుల పాలనతో, జీతం లేని గౌరవ పదవులతో, పదిమంది కూర్చుని తేల్చే సభలతో. వాటి పక్కన ఇది చేతిపని ముందు యంత్రంలాంటిదన్నాడు. ఆ యంత్రాన్ని చూసి భయపడ్డవాడూ అతనే. 1909లో వియన్నాలో జరిగిన ఒక సమావేశంలో, చిన్న ఉద్యోగాలను పట్టుకుని పెద్ద ఉద్యోగాలకు ఎగబాకే చిన్న చిన్న పళ్లచక్రాలతో లోకం నిండిపోతుందేమోనని వాపోయాడు. ఇంతకు మించి ఈ అపోహ మీద సమయం పెట్టనవసరం లేదు. జవాబులో రెండు వాక్యాలు చాలు.

అపోహ: బిగుసుకుపోవడం ఉద్యోగుల బద్ధకం వల్ల, చెడ్డతనం వల్ల వస్తుంది. మంచివాళ్లుంటే సమస్యే లేదు.

ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1940లో రాసిన వ్యాసం చెప్పేది దాదాపు దీనికి తలకిందులు. అతను ఎత్తిచూపిన ఉదంతాన్ని పూర్తిగా తెలుసుకోండి, తర్వాత పేర్లు మరిచిపోయినా తర్కం గుర్తుంటుంది.

బెర్న్‌ట్ బాల్షెన్ నార్వేలో పుట్టిన విమాన చోదకుడు. అమెరికా పౌరసత్వం కావాలని 1927లో తన ఉద్దేశాన్ని నమోదు చేసుకున్నాడు. తర్వాత రిచర్డ్ బైర్డ్ నాయకత్వంలోని అమెరికా యాత్రలో అంటార్కిటికా వెళ్లి, 1929 నవంబరులో దక్షిణ ధ్రువం మీదుగా తొలిసారి ఎగిరిన విమానాన్ని నడిపాడు. తిరిగొచ్చాక పౌరసత్వం ఇవ్వడం కుదరదన్నారు. అయిదేళ్లు ఎడతెగకుండా అమెరికాలో నివసించాలన్నది నిబంధన. అతను ప్రయాణించిన ఓడ మీద అమెరికా జెండా ఉంది, యాత్ర అమెరికాది, మంచు మీద వేసిన మకాం పేరు కూడా 'లిటిల్ అమెరికా'. అయినా ఆ చోటు అమెరికా నేల అని తాము అనుకోలేమనీ, అలా అనుకుంటే అంతర్జాతీయ వ్యవహారాల్లో జోక్యం చేసుకున్నట్టవుతుందనీ, అది తమ పరిధి కాదనీ పౌరసత్వ విభాగం తేల్చింది.

ఇప్పుడు ఆ విభాగంలో ఈ దరఖాస్తు చూసిన గుమాస్తా చేసిన తప్పేమిటో వెతకండి. లంచం అడగలేదు. దస్త్రాన్ని తొక్కిపెట్టలేదు. తన అధికార పరిధి దాటలేదు, అది వెబర్ చెప్పిన మొదటి లక్షణం. రాసి ఉన్న నిబంధన ప్రకారం నడిచాడు. ఎదుట ఉన్నది ప్రఖ్యాత వీరుడైనా రాగద్వేషాలు లేకుండా అందరితో సమానంగా చూశాడు, వ్యక్తినిరపేక్షత అంటే అదే. వెబర్ లక్షణాలకు మార్కులు వేస్తే ఆయనకు నూటికి నూరు వస్తాయి. ఫలితం మాత్రం హాస్యాస్పదం.

మెర్టన్ తర్కం నాలుగు మెట్లు. నమ్మకంగా పనిచేయాలంటే సంస్థకు అందరూ ఒకేలా స్పందించడం, నిబంధనలను కచ్చితంగా పాటించడం అవసరం. ఆ పట్టుదల ముదిరేకొద్దీ నిబంధన దేనికోసం పుట్టిందో మరుగున పడి, నిబంధనే పరమార్థమవుతుంది. దాంతో నిబంధన రాసినవాళ్ల ఊహకు అందని పరిస్థితి ఎదురైనప్పుడు సర్దుకోవడం చేతకాదు. చివరికి, మామూలు సందర్భాల్లో సామర్థ్యాన్నిచ్చిన అంశాలే ప్రత్యేక సందర్భంలో అసమర్థతను తెచ్చిపెడతాయి. అయిదేళ్ల నివాసం అడగడం వెనుక ఉద్దేశం దరఖాస్తుదారుకు ఆ దేశంతో నిజమైన సంబంధం ఉందో లేదో చూడటమే అనుకుంటే, ఆ దేశం పనిమీదే వెళ్లిన మనిషి ఆ కొలతలోనే ఓడిపోయాడు. సాధనం లక్ష్యం పీట మీద కూర్చోవడాన్నే లక్ష్య స్థానభ్రంశం అంటారు. చివరకు బాల్షెన్‌కు పౌరసత్వం రావడానికి అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. నిబంధనను వంచే అధికారం దాన్ని చేసినవాళ్ల దగ్గరే మిగిలిందన్నమాట.

మెర్టన్ వాడిన మరో మాట 'శిక్షిత అసమర్థత'. ఇది అమెరికా ఆర్థికవేత్త థోర్‌స్టెయిన్ వెబ్లెన్ నుంచి తెచ్చుకున్నది. గంట మోగితే గింజలు దొరుకుతాయని అలవాటు పడ్డ కోళ్లను కోతకు పిలవడానికీ అదే గంట వాడవచ్చు. నేర్చుకున్న శిక్షణే వాటిని కత్తి దగ్గరికి నడిపిస్తుంది. ఈ పదాన్ని చాలామంది 'శిక్షణ లేకపోవడం' అని రాస్తున్నారు. అసలు అర్థం దానికి పూర్తిగా ఎదురు.

ఉద్యోగి ఎందుకు సర్దుకోడన్న ప్రశ్నకు మా సాయంత్రపు తరగతిలో చదివిన ఒక జూనియర్ అసిస్టెంట్ ఇచ్చిన జవాబును నేను ఇప్పటికీ పాఠంలో వాడుతుంటాను. "మేడమ్, రూలు ప్రకారం చేసి పది మందికి పని చెడినా నాకు మెమో రాదు. రూలు దాటి ఒకరికి మేలు చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది." మెర్టన్ చెప్పిందీ ఇదే. సీనియారిటీతో పదోన్నతి, క్రమంగా పెరిగే జీతం, పింఛను అన్నీ విధేయతకే కట్టిన ముడుపులు. అవి కూడా వెబర్ లక్షణాల్లోనివే. పక్షపాతం నుంచి ఉద్యోగిని కాపాడటానికి పెట్టిన భద్రతే అతన్ని పిరికివాణ్ణి చేస్తుంది.

అపోహ: నిబంధనలు సరిగా లేకపోవడం వల్లే ఈ సమస్య. ఇంకాస్త వివరంగా రాస్తే తీరిపోతుంది.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మిషెల్ క్రోజియే 1960లలో దీన్ని దెబ్బకొట్టాడు. ఫ్రాన్సులో ప్రభుత్వ గుత్తాధిపత్యంలో నడిచిన పొగాకు కర్మాగారాలను అతను పరిశీలించాడు. అక్కడ నియామకం, బదిలీ, పని పరిమాణం అన్నిటికీ నిబంధన ఉంది. మేనేజరుకు తన ఇష్టప్రకారం నిర్ణయించే చోటే దాదాపు లేదు. నిబంధన లొంగదీయలేనిది ఒక్కటే మిగిలింది: యంత్రం ఎప్పుడు ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. దాంతో యంత్రాలు బాగుచేసే పనివాళ్ల చేతికి అసలు అధికారం వెళ్లిపోయింది. నిచ్చెన మీద వాళ్లు మేనేజరు కంటే ఎంతో కింద. అయినా ఉత్పత్తి కార్మికులు వాళ్ల మంచితనం మీద ఆధారపడేవారు. మరమ్మతు జ్ఞానాన్ని వాళ్లు కాగితం మీదకు ఎక్కనివ్వలేదు, ఇతరులను యంత్రం మీద చెయ్యి వేయనివ్వలేదు.

అనిశ్చితి ఎక్కడ మిగిలితే అధికారం అక్కడికి చేరుతుందన్నది క్రోజియే సూత్రం. ఆ అధికారం వల్ల పుట్టే గొడవలను అణచడానికి పైవాళ్లు మరిన్ని నిబంధనలు తెస్తారు. నిర్ణయం పనిచోటికి మరింత దూరమవుతుంది, కొత్త మూల మరో అనిశ్చితి మిగులుతుంది. ఇదే అతను చెప్పిన విషవలయం. తన తప్పుల నుంచి నేర్చుకుని దిద్దుకోలేని సంస్థే అతని దృష్టిలో ఉద్యోగిస్వామిక సంస్థ. అలాంటిది రోజూ కొంచెం కొంచెం మారదు, సంక్షోభం వచ్చినప్పుడు ఒక్కసారిగా మారుతుంది.

పదిహేను మార్కుల జవాబులో వీటన్నిటికీ చోటు దొరకదు. లక్షణాలను నాలుగుకు కుదించండి: పరిధి, లిఖిత నిబంధన, వ్యక్తినిరపేక్షత, ఉద్యోగ భద్రత. ఒక్కొక్కటి రాసిన వెంటనే అదే పేరాలో అది ఏ హద్దు దాటాక ఎదురు తిరుగుతుందో రాయండి. వ్యక్తినిరపేక్షత దగ్గర కరణం, పరిధి దగ్గర బాల్షెన్ సరిపోతారు. అలా రాస్తే మధ్యలో ఆ స్కేలు గీత గీయడానికి మీకు చోటే ఉండదు.