వడ్ల కుప్పలో తేమ సగటు: అపోహలు - వాస్తవాలు

కొనుగోలు కేంద్రంలో పంచాయితీ అంతా 17 దగ్గరే. వడ్లలో తేమ 17 శాతం దాటొద్దన్నది సేకరణ నిబంధన. మీటరేమో ఒక గుప్పెడుకు 16.2 చూపిస్తుంది, రెండడుగుల అవతల తీసిన గుప్పెడుకు 17.8. రైతు మొదటిది పట్టుకుంటాడు, తేమ చూసేవాళ్లు రెండోది పట్టుకుంటారు. నిజానికి రెండూ సరైన రీడింగులే. మనకు కావలసింది కుప్ప మొత్తం సగటు, ఆ సగటును ఎంతవరకు నమ్మొచ్చన్న లెక్క. ఈ రెండో లెక్కనే ప్రామాణిక దోషం అంటారు. దీని మీద ఉన్న అపోహల్ని మిర్యాలగూడ వైపు కల్లంలో ఆరబోసిన ఒక యాసంగి కుప్పను ఉదాహరణగా పెట్టుకొని చూద్దాం.

అపోహ: అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. వడ్లకూ అంతే.

అన్నం కుండలో మెతుకులన్నీ దాదాపు ఒక్కతీరుగా ఉడుకుతాయి. కుప్ప అట్లా ఉండదు. పైపొర ఎండకు ఆరుతుంది. అడుగున నేల చెమ్మ పడుతుంది. రాత్రి పరదా కప్పితే దాని కింద నీటి బొట్లు పట్టి అంచుల్లో తడి చేరుతుంది. కోతమిషన్‌తో కోసిన వడ్లలో పచ్చి గింజలు కూడా కలిసి వస్తాయి. అందుకే కుప్పలో తొమ్మిది వేర్వేరు చోట్ల, పైన, నడుమ, అడుగున చెయ్యి పెట్టి తీస్తే ఇట్లాంటి అంకెలు వస్తాయి:

16.2, 17.8, 15.9, 17.1, 18.3, 16.6, 17.4, 15.5, 16.4

వీటి సగటు 16.8. ఇవే రీడింగుల్ని ముగ్గురు మనుషులు వరుసగా మూడేసి తీశారనుకోండి. మొదటి మనిషికి సగటు 16.6 వస్తుంది, రెండో మనిషికి 17.3, మూడో మనిషికి 16.4. కుప్ప అదే, మీటరు అదే, అయినా నడిమి మనిషి లెక్కలో ఆ వడ్లు తిరిగి ఆరబెట్టాల్సినవే. విడి రీడింగులు 15.5 నుంచి 18.3 దాకా పోయాయి, మూడేసి సగటులు మాత్రం 16.4, 17.3 మధ్యే తిరిగాయి. ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మూడు రీడింగులకే మొదలైందన్నమాట.

అపోహ: రీడింగుల మధ్య ఎంత తేడా ఉంటే సగటులోనూ అంత తప్పు ఉంటుంది.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, రిపోర్టులు రాసేవాళ్లు కూడా. ఒక్కో రీడింగు సగటు నుంచి ఎంత దూరం పోతుందో చెప్పేది ప్రామాణిక విచలనం. పై తొమ్మిదికి తేడాల వర్గాల మొత్తం 6.76. దాన్ని రీడింగుల సంఖ్య కంటే ఒకటి తక్కువతో, అంటే 8తో భాగిస్తే 0.845, వర్గమూలం 0.92. ఇది కుప్ప గుణం. తొంభై రీడింగులు తీసినా ఇది 0.92 దగ్గర్లోనే ఉంటుంది, ఎందుకంటే కుప్ప మారలేదు.

ప్రామాణిక దోషం సగటుకు సంబంధించింది. తొమ్మిది రీడింగుల్ని కూడినప్పుడు మొత్తంలో ఊగిసలాట తొమ్మిది రెట్లు పెరగదు. కొన్ని పైకి, కొన్ని కిందికి లాగుతాయి కాబట్టి అది తొమ్మిది వర్గమూలమంత, అంటే మూడు రెట్లే పెరిగి 2.76 అవుతుంది. సగటు కోసం భాగించేది మాత్రం తొమ్మిదితో. 2.76ను 9తో భాగిస్తే 0.31. ఎక్కువ నమూనాలు తీస్తే సగటు నిలకడగా ఉండటానికి కారణం ఇంతే.

షీట్‌లో అంకెలు B2 నుంచి B10 దాకా ఉంటే:

```
=STDEV.S(B2:B10)/SQRT(COUNT(B2:B10))
```

ఇక్కడ STDEV.P వాడొద్దు. అది 8 బదులు 9తో భాగిస్తుంది కాబట్టి దోషం ఉన్నదానికంటే చిన్నగా, 0.29గా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ కుప్ప సగటు 17 లోపే ఉందా? నూటికి 95 సార్లు అసలు సగటు లోపల పడే హద్దులు కావాలంటే, తొమ్మిది రీడింగులకు ప్రామాణిక దోషాన్ని సుమారు 2.3తో గుణించి సగటుకు అటూ ఇటూ వేయాలి. రీడింగులు పెరిగేకొద్దీ ఈ గుణకం 2 దగ్గరికి దిగుతుంది. 0.31ని 2.3తో గుణిస్తే 0.7. కుప్ప అసలు సగటు 16.1, 17.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. సగటు 16.8 వచ్చింది కదా అని పాసైనట్టు కాదు, ఫెయిలైనట్టూ కాదు.

అపోహ: రీడింగులు రెట్టింపు చేస్తే దోషం సగమవుతుంది.

సగం కావాలంటే నాలుగు రెట్లు తీయాలి. 36 రీడింగులకు దోషం 0.15. సగటు అదే 16.8 వచ్చిందనుకున్నా హద్దులు 16.5, 17.1 అవుతాయి, 17 ఇంకా లోపలే ఉంటుంది. సగటుకూ 17కూ ఉన్న 0.2 తేడాను తేల్చాలంటే 0.92ను రెండింతలు చేసి, 0.2తో భాగించి, వర్గం చేయండి. 85 వస్తుంది. కాంటా ముందు లారీ నిలబడి ఉండగా 85 సార్లు మీటరు పెట్టేదెవరు?

అందుకే రీడింగులు పెంచడం కంటే విచలనాన్ని తగ్గించడం చౌక. కుప్పను పారతో అడుగు నుంచి పైకి రెండు మూడుసార్లు తిరగేసి కలిపితే విచలనం 0.46కు దిగిందనుకుందాం. అప్పుడు తొమ్మిది రీడింగులకే 36 రీడింగులంత ఫలితం, 0.15 వస్తుంది. ఇంకో పూట ఎండబెడితే సగటే 16కు దిగి, హద్దుల గొడవ లేకుండా పోతుంది.

కుప్ప పెద్దదైతే అదే శాతంలో నమూనాలు పెరగాలన్నది కూడా అపోహే. పై లెక్కలో కుప్ప సైజు ఎక్కడా రాలేదు. తేమ తేడాలు ఒకే తీరుగా ఉంటే 100 బస్తాల కుప్పకూ 400 బస్తాల కుప్పకూ తొమ్మిది రీడింగులు దాదాపు ఒకే దోషం ఇస్తాయి.

అపోహ: తొమ్మిది రీడింగులంటే తొమ్మిదే, ఎక్కడ తీస్తే ఏం?

మూడు చోట్లే చెయ్యి పెట్టి, ఒక్కో చోట మూడేసి గుప్పెళ్లు తీశారనుకోండి. పక్కపక్క గుప్పెళ్ల మధ్య విచలనం 0.2, చోటుకూ చోటుకూ మధ్య 0.9 అనుకుందాం. ఇప్పుడు సగటు దోషానికి 0.9 వర్గమైన 0.81ని 3తో, 0.2 వర్గమైన 0.04ని 9తో భాగించి కలిపి వర్గమూలం తీయాలి. 0.52 వస్తుంది. షీట్‌లో పై ఫార్ములా కొడితే మాత్రం సుమారు 0.27 చూపిస్తుంది, ఆ తొమ్మిదీ ఎక్కడివో దానికి తెలియదు కాబట్టి. 0.52 అంటే మూడు రీడింగులు తీసినదానికంటే పెద్దగా లాభం లేనట్టే. రీడింగు పక్కన ఏ చోటు, ఎంత లోతు అని రాసుకుంటే ఈ మోసం వెంటనే బయటపడుతుంది: ఒకే చోటి అంకెలు గుంపుగా అతుక్కొని కనిపిస్తాయి.

అపోహ: రీడింగులు ఎక్కువైతే సగటు తప్పకుండా నిజానికి దగ్గరవుతుంది.

ఊగిసలాట తగ్గుతుంది, అంతే. ఒకవైపే లాగే తప్పును ప్రామాణిక దోషం చూడలేదు. మీటరు 0.5 తక్కువ చూపిస్తుంటే వంద రీడింగుల సగటు కూడా దాదాపు 0.5 తక్కువే ఉంటుంది, దోషం 0.09 అని షీట్ ధీమాగా చెబుతుంది. మీటరులో వడ్ల బదులు బియ్యం సెట్టింగు ఉండటం, ఎండలో కాలిన గింజల్ని చల్లారనివ్వకుండా మీటరులో పోయడం, అందే పైపొర నుంచే గుప్పెళ్లు తీయడం ఇట్లాంటి తప్పులే. అదే వడ్లను రెండో మీటరులో పోయండి, లేదా తూచి, ఓవెన్‌లో పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ తూచి చూడండి. నాలుగైదు నమూనాల్లోనూ తేడా ఒకే వైపు వస్తుంటే ముందు సరిచేయాల్సింది మీటరును.