వరసలో గీసినంత మాత్రాన సిరీస్ అయిపోదు

బెంగళూరు పీణ్యాలోని మా ఎలక్ట్రానిక్స్ ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలోనే ఒక కాగితం చేతిలో పెడతాను. అందులో 12 వోల్టుల సప్లై, నాలుగు రెసిస్టర్లు ఉంటాయి. మొత్తం కరెంట్ ఎంతో చెప్పమంటాను, అంతే. పోయిన నెల హిందూపురం కుర్రాడు ఒకడు అర నిమిషంలో లెక్క కట్టి 2.35 మిల్లీ ఆంపియర్లన్నాడు. బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూడమన్నాను. మీటర్ 19.8 చూపించింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. శనివారం ఎస్పీ రోడ్డుకి వెళ్లి కొత్త రెసిస్టర్లు కొనుక్కొచ్చి మళ్లీ కట్టాడు. మళ్లీ 19.8.

"అన్నా, ఆ రోడ్డులో అంతా డూప్లికేట్ మాలేనంట కదా?"

ఈ డూప్లికేట్ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బంగారు రంగు గీత ఉన్న 1 కె రెసిస్టర్ 950 నుంచి 1050 ఓమ్‌ల మధ్య ఉండాలి. నాసిరకమైతే ఇంకొంచెం అటూ ఇటూ పోవచ్చు. ఎనిమిది రెట్లు తేడా రావడం మాత్రం రెసిస్టర్ తప్పు కాదు, బొమ్మ చదివినవాడి తప్పు.

అపోహ: ఒక వరసలో గీస్తే సిరీస్, పక్కపక్కన నిలువుగా గీస్తే పారలల్.

నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది పడేది ఈ గోతిలోనే. నేనూ పడ్డాను. ఊరి నుంచి వచ్చిన కొత్తలో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఇలాంటి బొమ్మే ఇచ్చారు. చూడగానే విలువలన్నీ కూడేశాను. ఎదురుగా కూర్చున్నాయన కాగితం వెనక్కి తీసుకుని, థాంక్స్ చెప్పి పంపించేశాడు. తప్పెక్కడో తెలియడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. అందుకే ఆ కుర్రాడిని తిట్టబుద్ధి కాలేదు.

ఆ కాగితం మీది బొమ్మ ఇది. మీరూ పెన్సిల్ తీసుకుని గీయండి. సప్లై ప్లస్ నుంచి R4, 100 ఓమ్‌లు. దాని అవతలి కొన A. A నుంచి కుడివైపుకి ఒకే గీతలో మూడు రెసిస్టర్లు: A, B మధ్య R1, 1 కె. B, C మధ్య R2, 2 కె. C, D మధ్య R3, ఇదీ 2 కె. D నుంచి గ్రౌండ్‌కి. ఇంతవరకే ఉంటే నాలుగూ సిరీసే. మొత్తం 5.1 కె, కుర్రాడి 2.35 కరెక్టే.

కానీ ఇంకో రెండు వైర్లున్నాయి. పైనుంచి ఒకటి A ని C కి కలుపుతోంది. కింద నుంచి ఇంకొకటి B ని D కి కలుపుతోంది. కన్ను ఈ రెండింటినీ అలంకారంగా తీసుకుని దాటేస్తుంది.

వీటిని పట్టుకోవడానికి రంగు పెన్సిళ్లు చాలు. ఎర్రది తీసుకుని A దగ్గర మొదలుపెట్టి, రెసిస్టర్ అడ్డం వచ్చేదాకా వైరంతా రుద్దండి. పైవైరు మీదుగా ఎరుపు C దాకా పోతుంది. నల్లది తీసుకుని గ్రౌండ్ నుంచి మొదలుపెట్టండి. D, అక్కణ్ణుంచి కిందివైరు మీదుగా B. ఇప్పుడు గీతల్ని మరిచిపోయి ఒక్కో రెసిస్టర్ రెండు కొసల రంగులు మాత్రమే చూడండి. R1కి ఎరుపు, నలుపు. R2కి నలుపు, ఎరుపు. R3కి ఎరుపు, నలుపు. మూడింటికీ అవే రెండు రంగులు, అంటే మూడూ పారలల్. వరసలో ఉన్నట్టు కనిపించేది కాగితం మీద మాత్రమే.

సిరీస్‌కీ ఇలాంటి పరీక్షే ఉంది. రెండు రెసిస్టర్లు కలిసే చోట మూడోదేదీ తగలకూడదు. R4, R1 పక్కపక్కనే ఉన్నా A దగ్గర R2, R3 కూడా తగులుతున్నాయి కాబట్టి అవి సిరీస్ కాదు. మూడింటినీ ఒకటిగా చేశాక ఆ ఒక్కదానితో R4 సిరీస్ అవుతుంది.

ఇక లెక్క. 2 కె, 2 కె పారలల్‌లో 1 కె. దానికి R1 1 కె పారలల్ పెడితే 500 ఓమ్‌లు. R4తో కలిపి 600. 12ని 600తో భాగిస్తే 20 మిల్లీ ఆంపియర్లు.

అక్కడితో ఆపకుండా వెనక్కి సరిచూసుకోండి. R4 మీద 2 వోల్టులు పడతాయి, A దగ్గర 10 మిగులుతాయి. R1లో 10 మిల్లీ ఆంపియర్లు, R2, R3లో చెరి 5. కూడితే 20. ఒక తమాషా: R2లో కరెంట్ కుడి నుంచి ఎడమకి పోతుంది! C వైపు 10 వోల్టులు, B వైపు సున్నా కదా. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటున్న కన్ను దీన్ని అస్సలు ఒప్పుకోదు.

అదే సర్క్యూట్‌ని స్పైస్ అనే సిమ్యులేటర్ ప్రోగ్రాంకి ఇస్తే ఇలా ఉంటుంది:

```
* first week sheet
V1 in 0 12
R4 in A 100
R1 A 0 1k
R2 0 A 2k
R3 A 0 2k
.op
.end
```

ఇందులో బొమ్మ లేదు, ఏది ఏ రెండు నోడ్‌ల మధ్య ఉందో అంతే. నోడ్ అంటే మనం ఒకే రంగు రుద్దిన చోటంతా. B, D రెండూ గ్రౌండ్, అంటే 0 అయిపోయాయి, C కాస్తా A అయింది. రన్ చేస్తే V1 కరెంట్ మైనస్ 20 మిల్లీ అని వస్తుంది. మైనస్ చూసి కంగారు పడొద్దు. ప్లస్ కొసలోంచి లోపలికి పోయే కరెంట్‌ని అది పాజిటివ్‌గా లెక్కేస్తుంది, మన సప్లైలో కరెంట్ బయటికి వస్తోంది.

అపోహ: కరెంట్ తక్కువ రెసిస్టెన్స్ ఉన్న దారిలోనే పోతుంది. అన్ని దారుల్లోనూ పోతుంది, తక్కువ ఉన్నచోట ఎక్కువ పోతుంది. పైన చూశారుగా.

అపోహ: వైర్లు ఒకదాన్నొకటి దాటితే కలిసినట్టే. చుక్క ఉంటేనే కలిసినట్టు.

అపోహ: లబ్ధం బై మొత్తం ఫార్ములా ఎన్నింటికైనా పనిచేస్తుంది. రెండింటికే. మూడుంటే రెండేసి చొప్పున చేయండి. జవాబు అన్నిటికన్నా చిన్న రెసిస్టర్ కంటే తక్కువ రాకపోతే ఎక్కడో తప్పు చేశారు.

అపోహ: ప్రతి సర్క్యూట్‌నీ సిరీస్, పారలల్‌గా కుదించుకుంటూ పోవచ్చు. ఐదు రెసిస్టర్లున్న వీట్‌స్టన్ బ్రిడ్జి మీద రంగు పెన్సిళ్లు వాడి చూడండి. ఐదింటిలో ఏ రెండూ సిరీస్ కావు, పారలల్ కావు. బ్రిడ్జి బ్యాలెన్స్‌లో ఉంటే మధ్యదాన్ని తీసేయొచ్చు, లేకపోతే కిర్కాఫ్ నియమాల దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: R1లో కరెంట్ తెలియాలంటే మీటర్ ప్రోబ్‌లు R1 రెండు కొసలకీ పెడితే చాలు. వోల్టేజికైతే సరే. కరెంట్ రేంజ్‌లో మీటర్ దాదాపు వైరుతో సమానం. అలా పెడితే A నేరుగా గ్రౌండ్‌కి కలిసిపోతుంది, 12 వోల్టులూ R4 మీదే పడతాయి. 120 మిల్లీ ఆంపియర్లు, 1.44 వాట్లు. మనం వాడేది పావు వాట్ రెసిస్టర్. R1ని ఒక కొస పీకి, ఆ ఖాళీలో మీటర్ పెట్టాలి.

ఇది చెప్పడం ఒక నిమిషం ఆలస్యమైంది. నేను బై టూ కాఫీ చెప్పి తిరిగొచ్చేసరికి ల్యాబంతా కమురు వాసన. "R4 నల్లగా అయిపోయింది అన్నా" అన్నాడు కుర్రాడు, ప్రోబ్‌లు ఇంకా చేతిలోనే పట్టుకుని. శనివారం తెచ్చిన వాటిలో 100 ఓమ్‌లది ఇంకొకటి ఉందా అని అడిగాను.