జుట్టు చుట్టూ తెల్ల అంచు ఎందుకు మిగులుతుంది? అపోహలు - వాస్తవాలు

ఫోటోలోంచి మనిషిని కట్ చేసి వేరే సీన్‌లో పెట్టేటప్పుడు బట్టలు, చేతులు పెద్దగా ఇబ్బంది పెట్టవు. గొడవంతా జుట్టు దగ్గరే. ఎగిరే వెంట్రుకల చుట్టూ తెల్లటి గీతో, పాత బ్యాక్‌గ్రౌండ్ రంగో మిగిలిపోయి, అతికించారని చూడగానే తెలిసిపోతుంది. దీని మీద ఫోటోషాప్ వాడేవాళ్లలో తిరిగే నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మాస్క్ పర్‌ఫెక్ట్‌గా వస్తే అంచు అదే శుభ్రపడుతుంది.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. సన్న వెంట్రుక చాలాసార్లు ఒక పిక్సెల్ వెడల్పు కూడా ఉండదు. అందుకే ఆ పిక్సెల్‌లో కొంత జుట్టు, కొంత వెనకున్న గోడ కలిసిపోయి ఒకే రంగుగా పడతాయి. ఆ పిక్సెల్ ఎంత కనిపించాలో మాస్క్ చెప్పగలదు, అంతవరకే. అందులో కలిసిన గోడ రంగును తీసేయడం దాని వల్ల కాదు.

లెక్క వేసి చూద్దాం. నల్ల జుట్టు అమ్మాయిని తెల్ల గోడ ముందు ఫోటో తీశారు, ఇప్పుడు రాత్రి వీధిలో నిలబెట్టాలి. 0 నలుపు, 255 తెలుపు అనుకుంటే జుట్టు 30, గోడ 240, రాత్రి సీన్ 40. అంచున ఒక పిక్సెల్‌లో 40 శాతం జుట్టు ఉంది. అది ఫోటోలో 0.4 × 30 + 0.6 × 240, అంటే 156గా పడుతుంది. మాస్క్ ఏ తప్పూ లేకుండా అక్కడ 40 శాతమే చూపించిందనుకోండి. కొత్త సీన్ మీద వచ్చేది 0.4 × 156 + 0.6 × 40, అంటే దాదాపు 86. నిజానికి రావాల్సింది 36. జుట్టు 30, సీన్ 40 ఉన్నచోట మధ్యలో 86 కనిపిస్తే అదే తెల్ల అంచు.

అదే అమ్మాయిని 220 ఉన్న పగటి ఆకాశం ముందు పెడితే 144 రావాల్సిన చోట 194 వస్తుంది. వెంట్రుక కాస్త పలచగా కనిపిస్తుందే తప్ప గీత కనపడదు. అందుకే కటౌట్‌ను తెల్ల లేయర్ మీద పెట్టి చూసి "బాగా వచ్చింది" అనుకోకూడదు. అసలు సీన్ మీదే, 100% జూమ్‌లో చూడాలి.

కాబట్టి మాస్క్ అయ్యాక రంగు మార్చాలి. మనిషి లేయర్ పైన ఖాళీ లేయర్ పెట్టి, Create Clipping Mask నొక్కండి. అంచుకు పక్కనే, జుట్టు లోపలి నుంచి రంగు తీసుకుని మెత్తటి బ్రష్‌తో అంచు మీద వేయండి. క్లిప్ చేశాం కాబట్టి రంగు బయటికి పోదు, వెంట్రుకల ఆకారం మాస్క్‌దే ఉంటుంది. తెల్ల అంచుకు లేయర్ మోడ్ Normal లేదా Darken పెట్టాలి. Color మోడ్ రంగును మారుస్తుంది గానీ వెలుగును తగ్గించదు, కాబట్టి ఇక్కడ పనికిరాదు. వెలుగు సరిగానే ఉండి ఆకుపచ్చ ఛాయ మాత్రమే మిగిలినప్పుడు అది చక్కగా పనిచేస్తుంది.

అపోహ: మాస్క్‌ను కొంచెం లోపలికి జరిపితే అంచు పోతుంది.

పోతుంది, దాంతోపాటు వెంట్రుకలూ పోతాయి. మిగిలేది హెల్మెట్ పెట్టినట్టున్న తల. Shift Edge భుజాలకు, చేతులకు సరే; జుట్టుకు వద్దు. Feather పెంచితే ఇంకా ఘోరం, గీత కాస్తా పొగలా పరుచుకుంటుంది.

అపోహ: Decontaminate Colors టిక్ పెడితే పని అయిపోయినట్టే.

అది చేసేది కూడా పైన చెప్పిందే. అంచు పిక్సెల్స్‌కు లోపలి రంగు పూస్తుంది. అయితే ఎక్కడ జుట్టు ఉందో, ఎక్కడ చెంప ఉందో దానికి తెలియదు. Amount పూర్తిగా పెంచితే వెంట్రుకలు ఒకే రంగు మరకలా అలుక్కుపోతాయి, చెంప పక్కనున్న జుట్టులోకి చర్మం రంగు రావచ్చు. నేనైతే మితంగా వాడతాను. దాని లేయర్‌ను జుట్టు అంచుకే ఉంచి, మిగతా మనిషిని మామూలు మాస్క్ ఉన్న అసలు లేయర్ నుంచే తీసుకుంటాను.

అపోహ: ఎప్పుడైనా గ్రీన్ బ్యాక్‌గ్రౌండే మంచిది.

వెళ్లబోయే సీన్ ముందే తెలిస్తే, వెలుగులో దానికి దగ్గరగా ఉన్న మామూలు బూడిద రంగు చాలా సుఖం. కలిసిపోయిన రంగు కొత్త సీన్‌కు దగ్గరగా ఉంటే దాచాల్సిందే తక్కువ. అలాగని జుట్టుకు, గోడకు తేడా లేకుండా పోకూడదు, మాస్క్ తీయడం కష్టమవుతుంది. గ్రీన్ తప్పనిసరైతే మనిషిని దాని నుంచి దూరంగా నిలబెట్టాలి, లేకపోతే ఆ రంగు జుట్టు మీదకి ప్రతిఫలిస్తుంది.

అపోహ: ప్రతి వెంట్రుకనూ కాపాడాలి.

గాల్లో విడిగా లేచిన పది వెంట్రుకల కోసం గంట కూర్చోవడం దండగ. మాస్క్‌లో వాటిని మొహమాటం లేకుండా తీసేసి, కొత్త లేయర్‌లో ఒకటి రెండు పిక్సెల్స్ బ్రష్‌తో, జుట్టు రంగుతోనే కొన్ని మళ్లీ గీయండి. గీత వేరు దగ్గర మందంగా మొదలై చివర సన్నబడాలి, పక్క వెంట్రుకలు తిరిగిన వైపే వంగాలి. ఆ తర్వాత చుట్టుపక్కల జుట్టుతో పోల్చి కాస్త బ్లర్ చేయండి. ఫోటో కంటే షార్ప్‌గా ఉన్న వెంట్రుక ఇట్టే దొరికిపోతుంది.