నడిమి రాయి మారితే

"పరబ్రహ్మం ఒక్కటే అంటారు. మరి గుడిలో ఇంతమంది దేవతలకు మొక్కమంటారేం?" అని ఒక పాఠకుడు అడిగారు. బృహదారణ్యకోపనిషత్తులో శాకల్యుడు కూడా యాజ్ఞవల్క్యుణ్ణి దేవతలెందరని అడుగుతాడు. మొదటి జవాబు 3306. అడిగినకొద్దీ అది 33, 6, 3, 2, ఒకటిన్నర అని తగ్గుతూ ఒకటి దగ్గర ఆగుతుంది. వేలమందీ ఆ 33 మంది మహిమలేనని అక్కడే చెప్పాడు.

ఈ లెక్క పూజలో ఎలా నడుస్తుందో చూడాలంటే స్మార్తుల పంచాయతన పూజ దగ్గరకు వెళ్లాలి. నాకు మహా ఇష్టమైన ఏర్పాటు ఇది. ఒకే పళ్లెంలో అయిదు రాళ్లుంటాయి. శివుడికి నర్మద బాణలింగం, విష్ణువుకు గండకి సాలగ్రామం, గణపతికి శోణానది ఎర్రరాయి, అమ్మవారికి స్వర్ణముఖి రాయి, సూర్యుడికి స్ఫటికం. చాలా సాలగ్రామాల్లో కనిపించే చుట్టలు అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజాలే. చేతులూ ముఖమూ లేని ఈ రాళ్లలో దేవుడి పోలికలు వెతకనక్కరలేదు.

అసలు సంగతి అమరికలో ఉంది. శివుడు ఇష్టదైవమైతే బాణలింగం నడుమ ఉంటుంది. ఈశాన్యంలో విష్ణువు, ఆగ్నేయంలో సూర్యుడు, నైరుతిలో గణపతి, వాయవ్యంలో దేవి. విష్ణుభక్తుడి పళ్లెంలో సాలగ్రామం నడుమకు వచ్చి శివుడు ఈశాన్యానికి, గణపతి ఆగ్నేయానికి, సూర్యుడు నైరుతికి మారతారు. పళ్లెంలోంచి ఎవరూ బయటకు పోరు. గ్రాఫు కాగితం మీద మూలబిందువును ఎక్కడ పెట్టుకున్నా గీసిన బొమ్మ మారదు, మనం కొలిచే తీరు మారుతుంది. అద్వైతి లెక్కలో నడిమి స్థానం అలాంటిదే. నిర్గుణ బ్రహ్మానికి రూపం లేదు, ధ్యానించే మనసుకు మాత్రం ఒక ఆలంబనం కావాలి. ఆ ఆలంబనాన్ని ఎంచుకున్నంత మాత్రాన మూలల్లో ఉన్నవారు చిన్నవారైపోరు. నడుమ పెట్టని దేవుడికి కోపం వస్తుందేమోనన్న భయానికి ఇక్కడ తావే లేదు.

గుడిలో ఈ మార్పు కుదరదు, గర్భాలయం కట్టాక కదలదు. ఖజురహోలోని లక్ష్మణ ఆలయంలో నడుమ విష్ణువు గుడి, అదే అరుగు మీద నాలుగు మూలలా నాలుగు చిన్న గుళ్లు ఉన్నాయి. శివుణ్ణి నడుమ చూడాలనుకునేవాడు మరో గుడికి వెళతాడు. ఇన్ని గుళ్లు, ఒక్కో గుడిలో ఇందరు దేవతలు ఉండటానికి ఇదొక కారణం.

అయితే గ్రాఫు పోలిక అందరికీ సరిపోదు. రామానుజుల విశిష్టాద్వైతంలో పరతత్త్వం నారాయణుడే. మిగతా దేవతలు ఆయనకు శరీరం వంటివారు, ఆయన వారిలో అంతర్యామి. మధ్వాచార్యుల మతంలో దేవతలు నిజంగానే వేరువేరు, వారి మధ్య తారతమ్యం ఉంది, అందరికంటే పైన విష్ణువు ఉన్నాడు. ఇద్దరికీ పరతత్త్వం ఒక్కటే, కానీ ఎవరిని నడుమ ఉంచాలన్నది భక్తుడి ఇష్టానికి వదిలే విషయం కాదు. అందుకే మాధ్వుల ఇంట సాలగ్రామాన్ని మూలకు జరిపి మరో రాయిని నడుమ పెట్టడం ఉండదు.