జ్వరం అడ్మిషన్‌కు క్యాష్‌లెస్ ఎందుకు ఆగుతుంది? అపోహలు - వాస్తవాలు

వానాకాలం వచ్చిందంటే మా ఇన్సూరెన్స్ డెస్క్ ముందు ఎక్కువగా జ్వరం కేసులే ఉంటాయి. ఆపరేషన్ కేసుకు ప్రీ-ఆథ్, అంటే క్యాష్‌లెస్‌కు ముందస్తు అనుమతి కోరే ఫారం, పంపడం కొంత తేలిక. అడ్మిషన్ ఎందుకని అక్కడ సాధారణంగా ఎవరూ అడగరు. జ్వరం కేసుకు మాత్రం మొదటి ప్రశ్నే అది. జవాబు సరిగ్గా రాయక ఆగిపోయిన క్యాష్‌లెస్‌లు చాలా చూశాను. డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకూ, ఫారం నింపే డ్యూటీ డాక్టర్లకూ, బయట టెన్షన్‌తో కూర్చున్న కుటుంబాలకూ పనికొస్తుందని డెంగీ కేసునే తీసుకుని రాస్తున్నాను.

అపోహ: 24 గంటలు బెడ్ మీద ఉంటే చాలు, క్లెయిమ్ వచ్చేస్తుంది.

24 గంటలనేది ఒక షరతు మాత్రమే. ఆ అడ్మిషన్ వైద్యపరంగా అవసరమై ఉండాలన్నది అంతకంటే పెద్ద షరతు. దాదాపు ప్రతి హెల్త్ పాలసీలోనూ Excl04 అనే మినహాయింపు ఉంటుంది. ప్రధానంగా పరీక్షల కోసం, పరిశీలన కోసం చేరితే ఆ ఖర్చు చెల్లించరని దాని అర్థం. ఇప్పుడు మన ఫారాల్లో మామూలుగా రాసే వాక్యం చూడండి: "జ్వరం, కారణం పరిశీలనలో ఉంది, తదుపరి చికిత్స కోసం అడ్మిట్ చేశాం." ఈ కేసు Excl04 కిందికి వస్తుందని మనమే రాసిచ్చినట్టు అయింది.

అపోహ: ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గితే అప్రూవల్ ఖాయం.

ఎక్కువ మంది నమ్మేది ఇదే, ఎక్కువ కేసులు ఆగేదీ ఇక్కడే. ప్లేట్‌లెట్లు 80 వేలు ఉండి, బాగా తింటూ, తాగుతూ, తిరుగుతున్న డెంగీ పేషెంట్‌ను రోజూ రక్తపరీక్ష చేయిస్తూ ఇంటి దగ్గర ఉంచి చూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏలో కూర్చున్న డాక్టరుకూ ఆ సంగతి తెలుసు. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల సంఖ్య కాదు, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోవడం. అది జరుగుతోందని చెప్పే అంకె పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం. నీరు కారిపోయి రక్తం చిక్కబడితే పీసీవీ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోతూ పీసీవీ పెరుగుతుంటే అది ప్రమాద సూచన. ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, కాలేయం వాపు, పొట్టలోనో ఛాతీలోనో నీరు చేరడం కూడా అలాంటివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 వర్గీకరణలో ఇవే హెచ్చరిక లక్షణాలు. వీటిలో ఒక్కటి ఉన్నా అడ్మిషన్‌కు అసలు కారణం అదే.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. 34 ఏళ్ల గృహిణి, బరువు 58 కిలోలు, నాలుగు రోజుల జ్వరం. మొదట వెళ్లిన ఫారంలో ఇలా ఉంది: "డెంగీ జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ. ఐవీ ఫ్లూయిడ్స్, ఐవీ యాంటీబయాటిక్స్, సపోర్టివ్ చికిత్స. అంచనా 5 రోజులు." కాసేపటికి టీపీఏ నుంచి క్వెరీ వచ్చింది: అడ్మిషన్ అవసరాన్ని వివరించండి, పల్స్, బీపీ లాంటి వైటల్స్ చార్టు, రిపోర్టులన్నీ పంపండి, యాంటీబయాటిక్ ఎందుకో చెప్పండి.

తప్పు పట్టడానికి లేని క్వెరీ అది. టీపీఏ డాక్టరు పేషెంట్‌ను చూడలేదు, కాగితాన్నే చూశాడు. ఆ కాగితంలో ఉన్న పేషెంట్‌ను ఓపీలోనే చూడవచ్చు. పైగా డెంగీ వైరస్ వల్ల వచ్చేది. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఆధారాలేమీ రాయకుండా యాంటీబయాటిక్ పెడితే చికిత్సకూ రోగనిర్ధారణకూ పొంతన లేదనే అనుమానం వస్తుంది.

కేస్‌షీట్ తెరిస్తే అసలు సంగతి అందులోనే ఉంది. ముందు రోజు ప్లేట్‌లెట్లు 1,12,000, చేరిన రోజు 62,000. పీసీవీ 36 నుంచి 43కి పెరిగింది, అంటే దాదాపు 20 శాతం. రాత్రి నుంచి ఆరు వాంతులు, నోటి ద్వారా ఏదీ నిలవడం లేదు. పొట్ట పైభాగాన నొప్పి. పల్స్ 112, బీపీ 100/70. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం గోడ వాచింది, పొట్టలో కొద్దిగా నీరు కనిపించింది. వీటిలో ఒక్కటీ ఫారంలోకి ఎక్కలేదు. అప్పుడు చికిత్స చేస్తున్న డాక్టరు సంతకంతో వెళ్లిన జస్టిఫికేషన్‌ను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

> "ఎన్ఎస్1 పాజిటివ్ డెంగీ, హెచ్చరిక లక్షణాలతో, రోగనిర్ధారణ కోడ్ A97.1. జ్వరం నాలుగో రోజు. 24 గంటల్లో ప్లేట్‌లెట్లు 1,12,000 నుంచి 62,000కి పడిపోగా, పీసీవీ 36 నుంచి 43కి పెరిగింది. రాత్రి నుంచి ఆరు వాంతులు, నోటి ద్వారా ద్రవాలు నిలవడం లేదు. పొట్ట పైభాగాన నొప్పి. పల్స్ 112, బీపీ 100/70. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం గోడ వాపు, పొట్టలో స్వల్పంగా నీరు. ప్లాస్మా లీకేజీ మొదలైన సూచనలు ఉన్నందున, నోటి ద్వారా ద్రవాలు ఇచ్చి ఓపీలో చూడడం సురక్షితం కాదు. నార్మల్ సెలైన్ గంటకు కిలోకు 5 మి.లీ. చొప్పున మొదలుపెట్టి, పీసీవీ, వైటల్స్ చూసుకుంటూ తగ్గిస్తాం. గంటగంటకూ వైటల్స్, మూత్రం పరిమాణం, ఆరు గంటలకోసారి పీసీవీ. క్రిటికల్ దశ 24 నుంచి 48 గంటలు కాబట్టి అంచనా 3 రోజులు. యాంటీబయాటిక్ ఆపేశాం."

దీంతోపాటు రెండు రోజుల రక్తపరీక్షలు, డెంగీని నిర్ధారించే ఎన్ఎస్1 ఎలైజా రిపోర్టు, అల్ట్రాసౌండ్, చేరినప్పటి వైటల్స్ చార్టు వెళ్లాయి. అప్రూవల్ వచ్చింది.

ఇందులో "తీవ్రమైన", "అత్యవసరమైన" లాంటి విశేషణం ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ పేషెంట్ అంకెలు, అవి ఎటు కదులుతున్నాయో చెప్పే పోలిక, ఇంట్లో ఎందుకు కుదరదో ఒక వాక్యం, ఆసుపత్రిలోనే చేయగల పని. రోజుల అంచనాకు కూడా జబ్బు గమనంలోనే కారణం ఉంది. అన్నిటికన్నా పదునైనది "నోటి ద్వారా ద్రవాలు నిలవడం లేదు" అన్న మాట. ఐవీ ఎందుకు, బెడ్ ఎందుకు అన్న రెండు ప్రశ్నలకూ అదే జవాబు.

అపోహ: మంచి వర్డింగ్ తెలిస్తే ఏ కేసునైనా పాస్ చేయించవచ్చు.

"సార్, మీకు తెలుసు కదా, ఎలా రాస్తే వస్తుందో అలా రాయండి" అని అటెండెంట్లు బతిమాలతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ డెస్క్ చేయగలిగింది కేస్‌షీట్‌లో ఉన్నదాన్ని ఫారంలోకి తేవడమే. పై కేసులో ఆరు వాంతులు నర్సు నోట్స్‌లో లేకుండా ఫారంలో మాత్రమే ఉంటే అది అబద్ధపు క్లెయిమ్. ఫైనల్ బిల్లుతో పాటు డిశ్చార్జి సమ్మరీ, ఒక్కోసారి మొత్తం కేస్‌షీట్ వెళ్తాయి, అక్కడ దొరికిపోతుంది. క్లెయిమ్ పోతుంది, పేషెంట్ పాలసీకీ ముప్పు. ఆ పేషెంట్‌కు హెచ్చరిక లక్షణాలేవీ లేకపోతే, అడ్మిషన్ అవసరం ఉందా అన్నది చికిత్స చేస్తున్న డాక్టరును అడగాల్సిన ప్రశ్న, మేము పదాలతో తీర్చేది కాదు.

అపోహ: షుగర్, బీపీ ఉన్నాయని రాస్తే రిజెక్ట్ చేస్తారు, దాచడమే మంచిది.

ప్రీ-ఆథ్ ఫారంలో దీర్ఘకాలిక జబ్బుల గడి ఉంటుంది. షుగర్, బీపీ, గుండెజబ్బు, ఆస్తమా లాంటివి ఉంటే ఎప్పటి నుంచో రాయాలి. డెంగీ షుగర్ వల్ల వచ్చేది కాదు, షుగర్ ఉన్నంత మాత్రాన డెంగీ క్లెయిమ్ ఆగాల్సిన పని లేదు. కానీ ఫారంలో "లేదు" అని రాసి, మందుల చార్టులో మెట్‌ఫార్మిన్ కనిపిస్తే మొత్తం ఫైలు మీదే అనుమానం మొదలవుతుంది. పాలసీ తీసుకునేటప్పుడే చెప్పకపోయి ఉంటే ఆ చిక్కు వేరు. 2024 నిబంధనల ప్రకారం 60 నెలలు ఆగకుండా పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప ఆ కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు. అంతకంటే తక్కువ కాలమైతే అడుగుతారు. అప్పుడు కూడా నిజం రాయడం తప్ప వేరే దారి లేదు.

దీనికి దగ్గరి ఇబ్బంది ఇంకొకటి: జబ్బు ఎన్ని రోజుల నుంచి అన్నది. క్యాజువాలిటీలో అర్ధరాత్రి అటెండెంట్ "పది రోజుల నుంచి నలతగా ఉంది" అంటారు, డ్యూటీ డాక్టరు పది రోజుల జ్వరం అని రాస్తారు. ఫారంలో నాలుగు రోజులు ఉంటుంది. క్వెరీ తప్పదు. కేస్‌షీట్‌ను కొట్టేసి దిద్దకూడదు. పేషెంట్‌ను మళ్లీ అడిగి, నిజం తేల్చుకుని, చికిత్స చేస్తున్న డాక్టరు తేదీ, సంతకం, ముద్రతో వివరణ లేఖ ఇవ్వాలి. మొదటి ఓపీ చీటీ ఉంటే జతచేయాలి, దానిని మించిన సాక్ష్యం లేదు.

అపోహ: అప్రూవల్ వచ్చిందంటే బిల్లు మొత్తం వాళ్లే కడతారు.

మొదట వచ్చేది ఇనీషియల్ అప్రూవల్, తరచుగా అంచనాలో కొంత మొత్తానికే. రోజులు పెరిగినా, ఐసీయూకి మార్చినా అప్పుడే ఆ మొత్తాన్ని పెంచమని కోరే ఎన్‌హాన్స్‌మెంట్ రిక్వెస్ట్ పంపాలి, తాజా పీసీవీ, వైటల్స్‌తో సహా. డిశ్చార్జి రోజున అన్నీ కలిపి పంపితే సాయంత్రం దాకా కూర్చోవాల్సి వస్తుంది. పాలసీలో గది అద్దె పరిమితి 5,000 ఉండి 8,000 గది తీసుకుంటే, అదనపు మూడు వేలతో ఆగదు. డాక్టరు ఫీజు లాంటి అనుబంధ ఖర్చులనూ అదే నిష్పత్తిలో తగ్గించే పాలసీలు ఉన్నాయి. మందులు, పరీక్షలు ఆ కోతలోకి రావు.

అపోహ: గంటలో జవాబు రావాలి కాబట్టి ఫారం ఎలా పంపినా పర్వాలేదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29 సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ రిక్వెస్ట్‌పై గంటలో, డిశ్చార్జి అనుమతిపై మూడు గంటల్లో నిర్ణయం చెప్పాలి. మూడు గంటలు దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా వేసే ఛార్జీలు ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి. కానీ ఆ గంటలో వచ్చే జవాబు క్వెరీ అయితే మనం మళ్లీ మొదటికే వస్తాం. రిపోర్టులు లేకుండా పొద్దున పదికి పంపిన ఫారం కంటే, అన్నీ జతచేసి పదకొండుకు పంపిన ఫారానికే నా అనుభవంలో ముందుగా అప్రూవల్ వస్తుంది. అత్యవసరమైతే చికిత్స మాత్రం దీని కోసం ఆగకూడదు.

అపోహ: క్యాష్‌లెస్ తిరస్కరిస్తే క్లెయిమ్ పోయినట్టే.

పోలేదు. చాలాసార్లు డినయల్ లెటర్‌లోనే రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవచ్చని ఉంటుంది. ముందు ఆ లెటర్‌లో ఏ క్లాజు చూపించారో చదవండి. Excl04 చూపించి, మీ దగ్గర హెచ్చరిక లక్షణాల ఆధారాలు ఉంటే, డాక్టరు జస్టిఫికేషన్‌తో పునఃపరిశీలన అడగమని డెస్క్‌కు చెప్పండి. అదీ కుదరకపోతే బిల్లు కట్టి రీయింబర్స్‌మెంట్‌కు పెట్టండి. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే కంపెనీ గ్రీవెన్స్ విభాగం, ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. దేనికైనా కావలసినవి డినయల్ లెటర్, డిశ్చార్జి సమ్మరీ, రిపోర్టులు, తేదీ సమయం ఉన్న వైటల్స్ చార్టు కాపీ. చివరిది ఎవరూ అడగరు. ఫైలు మెడికల్ రికార్డ్స్‌కు వెళ్లిపోయాక దాన్ని తెచ్చుకోవాలంటే చాలా తిరగాలి కాబట్టి డిశ్చార్జి రోజే అడిగి తీసుకోండి.