నిర్మాణాత్మక మూల్యాంకనంపై ఉపాధ్యాయుల కార్యశాల: ఎజెండా, స్లైడ్ల విషయంలో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు కొన్నేళ్లుగా శిక్షణ తరగతులు నిర్వహిస్తున్నాను. అంతకుముందు ఉన్నత పాఠశాలలో గణితం బోధించాను. రోజువారీ పాఠంలో నిర్మాణాత్మక మూల్యాంకనం అనే అంశంపై నేను మొదటిసారి తయారుచేసిన కార్యశాలలో 46 స్లైడ్లు ఉండేవి. మధ్యాహ్నానికి అందరూ నోట్సు నిండా రాసుకున్నారు కానీ, మరునాటి పాఠంలో ఏం మారుతుందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ తప్పు పూర్తిగా నా ఎజెండాదే. దాన్ని విప్పి మళ్లీ కట్టే క్రమంలో నాకున్న అపోహలు, తోటి రిసోర్స్ పర్సన్లలో నేను చూసిన అపోహలు కొన్ని తెలిశాయి.

అపోహ: ఈ కార్యశాల అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే ఎఫ్ఏ, రికార్డులు ఎలా నింపాలో చెప్పడమే.

ఈ అపోహకు కారణం మన వ్యవస్థలోనే ఉంది. తెలంగాణలో ఎఫ్ఏ అనగానే ఏడాదికి నాలుగుసార్లు వచ్చే 20 మార్కులు గుర్తుకు వస్తాయి. భాగస్వామ్యం - ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, స్లిప్ టెస్ట్ అనే నాలుగు పద్దులకు అయిదేసి మార్కులు వేసి రిజిస్టరులో ఎక్కిస్తాం. అందువల్ల ‘నిర్మాణాత్మక’ అనే మాట ఉపాధ్యాయుల చెవిలో ఒక పరీక్ష పేరుగా స్థిరపడిపోయింది.

మూల్యాంకన నిపుణుడు మైకేల్ స్క్రివెన్ 1967లో రెండు రకాల మూల్యాంకనాలను వేరుచేసి పేర్లు పెట్టినప్పుడు, పని ఇంకా సాగుతుండగా దాన్ని మెరుగుపరచడానికి చేసేదానికి నిర్మాణాత్మకమని, పని ముగిశాక ఫలితాన్ని తేల్చడానికి చేసేదానికి సంగ్రహణాత్మకమని పేరు పెట్టాడు. అంటే తేడా ప్రశ్నపత్రంలో లేదు, జవాబు అందిన తరువాత మనం చేసే పనిలో ఉంది. స్లిప్ టెస్ట్ పెట్టి మార్కులు మాత్రమే ఎక్కిస్తే అది చిన్న సంగ్రహణాత్మక పరీక్ష. అదే స్లిప్పులను చూసి రేపటి పాఠాన్ని మార్చుకుంటే నిర్మాణాత్మకం. దీనికి నేను ఒక్క స్లైడు, ఐదు నిమిషాలు కేటాయిస్తాను. రికార్డుల గురించి ప్రశ్నలు తప్పకుండా వస్తాయి కాబట్టి వాటిని బోర్డు మీద ఒక మూల రాసిపెట్టి, టీ విరామంలో జవాబు చెబుతాను.

అపోహ: ముందు నిర్వచనం, రకాలు, సిద్ధాంతం చెప్పి, ఆ తరువాత ఉదాహరణలు చూపాలి.

నా అనుభవంలో ఎజెండాను చెడగొట్టేది అన్నింటికంటే ఎక్కువగా ఇదే. ముందు ఉపాధ్యాయులు ఒక ప్రశ్న ముందు పొరపడాలి, పేరు ఆ తరువాత చెప్పుకోవచ్చు. ఇందుకు నేను ఆరో తరగతి దశాంశ భిన్నాలను వాడతాను, ఎందుకంటే గణితం బోధించనివారు కూడా దాన్ని అనుసరించగలరు. స్లైడు మీద ఈ ప్రశ్న మాత్రమే ఉంటుంది:

కింది వాటిలో పెద్ద సంఖ్య ఏది? (1) 0.6 (2) 0.45 (3) 0.375

నలభై మంది పిల్లల్లో ముప్పై ఒక్క మంది 0.6 అన్నారనుకోండి, మీరు తరువాతి అంశానికి వెళతారా అని అడుగుతాను. దాదాపు అందరూ వెళతామంటారు. అప్పుడు రెండో స్లైడు చూపుతాను:

కింది వాటిలో పెద్ద సంఖ్య ఏది? (1) 0.6 (2) 0.73 (3) 0.458

దశాంశాలను పోల్చడంలో పిల్లలు సాధారణంగా రెండు తప్పుడు నియమాలను పట్టుకుంటారు. మొదటిది, బిందువు తరువాత అంకెలు ఎన్ని ఎక్కువ ఉంటే సంఖ్య అంత పెద్దదనుకోవడం. పూర్ణాంకాల అలవాటు కొద్దీ బిడ్డ 458ని, 73ని, 6ని పోల్చుకుంటాడు. రెండోది దీనికి సరిగ్గా తలకిందులు: వెయ్యోవంతులు చాలా చిన్న ముక్కలు కాబట్టి అంకెలు ఎక్కువున్న సంఖ్య చిన్నదనుకోవడం. మొదటి నియమం పట్టుకున్న బిడ్డ మొదటి ప్రశ్నలో 0.375ను ఎంచుకుని దొరికిపోతాడు. రెండో నియమం పట్టుకున్న బిడ్డ మాత్రం 0.6 అని సరైన జవాబే చెబుతాడు, కాబట్టి ఆ ముప్పై ఒక్క మందిలో నిజంగా అర్థమైనవారెందరో మనకు తెలియదు. రెండో ప్రశ్నలో ఒక నియమం 0.458కి, మరొకటి 0.6కి తీసుకువెళతాయి, స్థానవిలువను చూసిన బిడ్డ 0.73కు చేరతాడు. మూడు జవాబులూ మూడు ఆలోచనలను వేరువేరుగా చూపుతాయి.

ఇక్కడ ఒక పరిమితిని దాచకుండా చెప్పాలి. మూడు ఎంపికలున్నప్పుడు ఊహించి చెప్పిన బిడ్డకు కూడా మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అందుకే సరైన జవాబు చెప్పినవారిలో ఇద్దరినైనా ఎందుకని అడగాలి. హైదరాబాద్ బడుల్లో మరొక చిక్కు ఉంది: ప్రశ్నను ఇంగ్లిషులో అడిగితే ‘గ్రేటెస్ట్’ అన్న మాట తెలియని బిడ్డ తప్పు చెబుతాడు, మనం దాన్ని దశాంశాల తప్పుగా లెక్కిస్తాం. ద్విభాషా పుస్తకాలు వాడే తరగతిలో ఆ ఒక్క మాటను తెలుగులోనో, ఉర్దూలోనో కూడా చెప్పాలి. స్లైడు తయారుచేసేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అవసరం.

అపోహ: ఎన్ని పద్ధతులు చూపితే కార్యశాల అంత సమృద్ధం.

బొటనవేలు పైకి, కిందికి చూపడం, రంగు కార్డులు, వెళ్లేముందు రాసిచ్చే చీటీ, జంట చర్చ అంటూ పది పద్ధతులు చూపితే పదీ వినోదంగా సాగుతాయి, ఒక్కటీ తరగతికి చేరదు. నేను ఒక్క పద్ధతినే తీసుకుంటాను: పాఠం మధ్యలో అడిగే ఒక్క ప్రశ్న, దానికి పిల్లలందరూ ఒకేసారి ఇచ్చే జవాబు. ఆ ఒక్కదాన్ని రాయడం, పరీక్షించడం, అడిగిచూడటం అనే పనులే సగం పూటను తీసుకుంటాయి. ముప్పై మంది ఉపాధ్యాయుల అర్ధదిన కార్యశాలకు నా ఎజెండా ఇలా ఉంటుంది.

9.30 నుంచి 9.45 వరకు ప్రతి ఒక్కరూ, నిన్నటి పాఠం ఎంతమందికి అర్థమైందో తమకెలా తెలిసిందన్నది చీటీ మీద రాస్తారు. 9.45 నుంచి 10.10 వరకు ఆ చీటీలను గోడమీద గుంపులుగా అతికిస్తాం. ‘అర్థమైందా అని అడిగితే అయిందన్నారు’ అన్న గుంపే సాధారణంగా అన్నింటికంటే పెద్దది. స్క్రివెన్ స్లైడు ఆ గోడను చూస్తుండగా వస్తుంది. 10.10 నుంచి 10.45 వరకు దశాంశాల ప్రశ్నలు. ఆ వెంటనే 15 నిమిషాల టీ విరామం పెట్టడం కావాలనే చేసిన ఏర్పాటు, ఎందుకంటే 0.6 గురించిన వాదన కప్పులు పట్టుకుని కూడా కొనసాగుతుంది. 11.00 నుంచి 12.00 వరకు సబ్జెక్టుల వారీ జట్లు వచ్చే వారం తాము చెప్పబోయే పాఠానికి ఒక ప్రశ్న రాస్తాయి. 12.00 నుంచి 12.40 వరకు అభ్యాసం, 12.40 నుంచి 12.55 వరకు ప్రణాళిక, చివరి ఐదు నిమిషాల్లో వెళ్లేముందు చీటీ.

ప్రశ్న రాసే గంటలోనే అసలు పొరపాట్లు బయటపడతాయి. మొదటి ప్రయత్నంలో చాలామంది నిర్వచనం అడిగే ప్రశ్న రాస్తారు, లేదా ఏ బిడ్డా ఎంచుకోని తప్పు జవాబులు పెడతారు. దీనికి నేను ఒక్కటే పరీక్ష పెడతాను: ప్రతి తప్పు జవాబు పక్కన, బిడ్డ ఏమనుకుని అక్కడికి చేరతాడో ఒక వాక్యంలో రాయండి, రాయలేకపోతే ఆ జవాబును కొట్టేయండి. ఒకసారి తెలుగు ఉపాధ్యాయుల జట్టు ‘మేనల్లుడు’ ఏ సంధి అని అడిగి, అత్వ సంధి, సవర్ణదీర్ఘ సంధి, గుణ సంధి అని మూడు ఎంపికలిచ్చింది. సవర్ణదీర్ఘానికి వాక్యం సులభంగా వచ్చింది: అకారానికి అకారం కలిసింది కదా అని బిడ్డ అనుకుంటాడు, మేన, అల్లుడు అనేవి తెలుగు పదాలన్న సంగతి చూడడు, ఫలితంలో దీర్ఘం రాలేదన్న సంగతీ చూడడు. గుణ సంధి దగ్గర ఆగిపోయారు. ఇకారం, ఉకారం, ఋకారం ఏదీ పరంగా లేనిచోట గుణమని ఎవరంటారని పక్క జట్టు అడిగింది. చివరకు రెండు ఎంపికలే ఉంచి, ‘ఎందుకు?’ అన్న ప్రశ్నను చేర్చారు. మూడు ఎంపికలు ఉండి తీరాలన్న నియమమేదీ లేదు.

అపోహ: అరవై మంది ఉన్న తరగతిలో ఇది సాగదు.

ఎంపికలకు అంకెలు వేస్తే చాలు. ఆలోచించడానికి సమయమిచ్చి, సైగ చేయగానే అందరూ ఒకేసారి వేళ్లను గుండెకు ఆనించి చూపుతారు. చేయి పైకెత్తితే పక్కవాడిని చూసి మార్చుకుంటారు. మొత్తం రెండు నిమిషాల పని.

అపోహ: ప్రశ్నను పాఠం చివర అడగాలి.

45 నిమిషాల పీరియడ్‌లో 40వ నిమిషాన అడిగిన ప్రశ్నతో ఆ రోజు ఏమీ చేయలేం. 20వ నిమిషం ప్రాంతంలో అడిగితే దారి మార్చుకునే వ్యవధి ఉంటుంది. అందుకే ప్రణాళిక పత్రంలో తరగతి, రోజు, పీరియడ్, నిమిషం రాయిస్తాను. దానితోపాటు మూడు ఖాళీలు ఉంటాయి: ఎక్కువ మంది తప్పితే ఏం చేస్తారు, సగం సగంగా చీలితే ఏం చేస్తారు, కొద్దిమందే తప్పితే ఏం చేస్తారు. సగం సగంగా చీలినప్పుడు పక్కపక్కవాళ్లను ఒకరినొకరు ఒప్పించమని చెప్పి మళ్లీ వేళ్లు చూపించమనడం బాగా పనిచేస్తుంది. ‘మళ్లీ వివరిస్తాను’ అని మాత్రమే రాసినవారిని, మొదటిసారి చెప్పినదానికి భిన్నంగా ఏం చెబుతారో కూడా రాయమని వెనక్కి పంపుతాను. దశాంశాల విషయంలో అది వంద గడుల చతురస్రంలో 0.6ను, 0.45ను రంగు వేయించి చూపడం కావచ్చు.

12.00 గంటల అభ్యాసంలో ఒకరు ఐదు నిమిషాలు బోధిస్తే మిగిలిన జట్టు పిల్లలవుతుంది. అక్కడ నేను చూసేది ఒక్కటే: ప్రశ్న అడిగాక ఉపాధ్యాయుడు ఎంతసేపు ఆగుతాడన్నది. సాధారణంగా ఉపాధ్యాయులు ఒక సెకను కూడా ఆగరని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎక్కువ మంది మాట్లాడతారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనల్లో తేలింది. ఈ మాటను స్లైడు మీద పెట్టను, వెనుక నిలబడి వేళ్లతో లెక్కపెడతాను.

అపోహ: స్లైడ్లలో అంతా ఉండాలి, రానివారికి పంపవచ్చు.

చదివి అర్థం చేసుకోగలిగే స్లైడు తెరమీద ఉంటే నా మాట ఎవరూ వినరు. ఇప్పుడు నా స్లైడ్లు ఎనిమిది: చీటీ ప్రశ్న, స్క్రివెన్ తేడా, రెండు దశాంశ ప్రశ్నలు, ప్రశ్న రాసే పని సూచన, తప్పు జవాబుల పరీక్ష, అభ్యాసం సూచన, ప్రణాళిక పత్రం. రానివారికి నా దగ్గరుండే వేరే కాగితం పంపుతాను. అందులో ప్రతి స్లైడుకు మూడు గడులు ఉంటాయి: తెరమీద ఏముంది, ఉపాధ్యాయులు ఏం చేస్తారు, నేను ఏం వింటాను. మూడో గడిలో రాయడానికి ఏమీ లేని స్లైడును తీసేస్తాను. మొదట్లో ఉన్న 46లో ఎక్కువ భాగం పోయింది అలాగే.

అపోహ: చివర్లో అభిప్రాయ పత్రాలు ‘చాలా బాగుంది’ అంటే కార్యశాల ఫలించినట్టే.

ఆ పత్రం భోజనం గురించి కూడా అదే చెబుతుంది. వెళ్లేముందు చీటీలో నేను దశాంశాల్లాంటి కొత్త ప్రశ్న ఒకటి ఇచ్చి, ఇందులోని లోపమేమిటని అడుగుతాను. అంతకంటే నమ్మదగినది రెండు వారాల తరువాత, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో అడిగి తీసుకునే నలభై నిమిషాలు. తమ ప్రశ్నను, పిల్లలు చూపిన జవాబుల లెక్కను, ఆ తరువాత పాఠంలో మార్చినదాన్ని ఒక కాగితం మీద మూడు గడుల్లో రాసి తెమ్మంటాను. ముప్పై మందిలో కొందరు ప్రశ్న తెచ్చి లెక్క తీసుకురారు, అంటే అడిగారు కానీ చూడలేదు. మరికొందరు లెక్క తెచ్చి మూడో గడిని ఖాళీగా వదిలేస్తారు. వారితో ఆ నలభై నిమిషాలూ ఆ మూడో గడి దగ్గరే కూర్చుంటాను.