సారా మంట నీలంగా వస్తే మంచిదేనా?

"చెంచాలో కాస్త నాటుసారా పోసి అగ్గిపుల్ల గీస్తే నీలంగా మండింది. అంటే సరుకు ఘాటైనదీ, కల్తీ లేనిదీ అనే కదా?" నంద్యాల వైపు నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. దీని ఘాటెంత అన్నది ఒకటి, ఇందులో ఉన్నదేమిటి అన్నది రెండోది. మంట మొదటిదానికి తప్పు జవాబు చెబుతుంది. రెండోదానికి అసలు జవాబే చెప్పదు.

ముందు ఘాటు సంగతి. సారాయి ద్రవం నేరుగా మండదు. దాని మీద లేచే ఆవిరి మండుతుంది. తగినంత ఆవిరి లేవడానికి ఎంత వేడి కావాలో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. నూటికి 40 పాళ్లు ఆల్కహాల్ ఉన్న ద్రవానికి అది సుమారు 26 డిగ్రీలు. 20 పాళ్లే ఉంటే సుమారు 36 డిగ్రీలు. చలిదేశంలో 15 డిగ్రీల గదిలో ఈ రెండిట్లో ఏదీ తేలిగ్గా అంటుకోదు కాబట్టి, అంటుకున్నదంటే అక్కడ ఘాటైన సరుకనే అర్థం. మే నెల మధ్యాహ్నం కర్నూల్లో గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది. అప్పుడు సగానికి సగం నీళ్లు కలిపిన సరుకు కూడా భగ్గుమంటుంది. పుష్యమాసపు తెల్లవారుజామున అదే సీసా మండదు. అగ్గిపుల్ల కొలిచింది చాలావరకు ఆ పూట ఎండనే.

ఈ మంట పరీక్షకు పాత చరిత్రే ఉంది. బ్రిటన్‌లో ఒకప్పుడు తుపాకిమందును సారాయితో తడిపి నిప్పు పెట్టేవాళ్లు. తుపాకిమందు అంటుకుంటే సరుకు 'ప్రూఫ్' నిలిచినట్టు. మన సీసాల మీద నేటికీ కనిపించే "75 డిగ్రీల ప్రూఫ్, 42.8 శాతం" అన్న మాటలు ఆ లెక్క నుంచి వచ్చినవే. నూరు డిగ్రీల ప్రూఫ్ అంటే 57.1 శాతం. పన్ను వసూలుకు అగ్గిని నమ్మలేక అక్కడి ప్రభుత్వమే హైడ్రోమీటర్ వైపు మళ్లింది. 1816లో సైక్స్ హైడ్రోమీటర్‌ను చట్టబద్ధం చేసింది.

అయితే హైడ్రోమీటర్ కొనుక్కుంటే సరిపోతుందా అంటే, అదీ జాగ్రత్తగా వాడాల్సిన వస్తువే. గాజు బుడ్డి ద్రవంలో ఎంత లోతుకు మునిగిందో చూసి ఘాటు చెబుతుంది. ద్రవం పలచనైతే ఎక్కువ మునుగుతుంది. వేడికి కూడా ద్రవం పలచనవుతుంది. 20 డిగ్రీలకు గీతలు గీసిన బుడ్డిని 40 డిగ్రీల సరుకులో వేస్తే, అసలు 40 శాతం ఉన్నది 47, 48 శాతంగా కనిపిస్తుంది. రంగు కోసమో రుచి కోసమో బెల్లం కలిపి ఉంటే పొరపాటు ఎదురు దిశలో జరుగుతుంది. లీటరుకు 10 గ్రాముల బెల్లం కరిగితే సుమారు 2 శాతం ఘాటు కనబడకుండా పోతుంది.

పైగా కొలిచేది ఏ సీసాను? బట్టీ మీద ఊట కాగుతున్నప్పుడు తొలి ధార ఘాటుగా వస్తుంది. పొద్దు గడిచేకొద్దీ ఊటలో ఆల్కహాల్ తగ్గి, చివరి ధార నీళ్లలాగే ఉంటుంది. ఒకే బట్టీలో తొలి క్యాను 60 శాతం, చివరిది 20 శాతం ఉండొచ్చు. లైసెన్సు ఉన్న డిస్టిలరీలో అంతటినీ ఒక పెద్ద ట్యాంకులో కలిపి, కొలిచి, నీళ్లతో 42.8కి దించి అప్పుడు సీసాలు నింపుతారు. బట్టీ దగ్గర ఆ కలిపే పని ఉండదు, ఉన్నా చేతి అంచనా మీదే. 90 మిల్లీలీటర్ల గ్లాసులో 25 శాతం సరుకు పోస్తే 18 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళుతుంది. 60 శాతం సరుకైతే 43 గ్రాములు. నిన్న మూడు గ్లాసులకు నిలకడగా ఇంటికి నడిచినవాడు ఈరోజు అవే మూడు గ్లాసులకు స్పృహ తప్పుతాడు. వెల్లకిలా పడుకుని వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయేవాళ్లున్నారు. వాళ్లలో విషమేమీ కలవని సారా తాగినవాళ్లూ ఉన్నారు.

ఇక రెండో ప్రశ్న. మిథనాల్ అనే ఇంకో ఆల్కహాల్ ఉంది. రంగుల్లో, థిన్నర్లలో, రసాయన కర్మాగారాల్లో వాడతారు. చవక. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన తాగే ఆల్కహాల్‌కు దగ్గరగా ఉంటుంది, మంట ఇంకా శుభ్రమైన నీలం. తాగే ఆల్కహాల్, అంటే ఇథనాల్, సాంద్రత లీటరుకు 789 గ్రాములైతే, దీనిది 792. నీళ్లు కలిశాక కూడా రెండిటి సాంద్రతలూ ఇంచుమించు ఒకటే. కాబట్టి హైడ్రోమీటర్ మునిగే లోతూ ఒకటే. అగ్గిపుల్లా గాజుబుడ్డీ రెండూ పాసు చేసిన సీసాలో చంపేది ఉండొచ్చు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. "తొలి ధార పారబోస్తే విషం పోతుంది" అని కాచేవాళ్లు గట్టిగా నమ్ముతారు. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతుంది, ఇథనాల్ 78కి, కాబట్టి ముందుగా అదే వచ్చేస్తుందని వాళ్ల తర్కం. విడివిడిగా కాస్తే ఆ లెక్క నిజం. కానీ ఊటలో తొంభై పాళ్లు నీళ్లే. మిథనాల్ నీళ్లను వదలదు, మొదటి నుంచి చివరి దాకా ప్రతి ధారలోనూ కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. తొలి ధార పారబోస్తే పోయేవి కొన్ని ఘాటు వాసనల పదార్థాలు మాత్రమే.

అదృష్టం ఏమిటంటే బెల్లం ఊటలో మిథనాల్ పుట్టడమే తక్కువ. అది పండ్ల తొక్కల్లో ఉండే పెక్టిన్ నుంచి వస్తుంది. పండ్ల బ్రాందీల్లో కూడా యూరప్ చట్టం లీటరు శుద్ధ ఆల్కహాల్‌కు సుమారు 10 గ్రాముల దాకా అనుమతిస్తుంది. క్వార్టర్ సీసాకు లెక్కేస్తే అది గ్రాము కూడా కాదు. ఊరంతా ఒకేసారి ఆసుపత్రి పాలైందంటే విషం బట్టీలో పుట్టలేదు, తర్వాత ఎవరో కలిపారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచిలో 60 మందికి పైగా చనిపోయింది మిథనాల్ కలిపిన సారా వల్లే. కాచినవాడు తెలిసినవాడే కావచ్చు, కానీ అతని నుంచి క్యాను ఎన్ని చేతులు మారిందో, ఎక్కడ ఏది కలిసిందో తాగేవాడికి తెలిసే దారి లేదు.

మిథనాల్ తనంతట తాను పెద్ద విషం కాదు. కాలేయమే దాన్ని విషంగా మారుస్తుంది. ఎలాగంటే, ఆదోని పత్తి యార్డులో ఒకే ఒక్క కాటా ఉందనుకోండి. బయట రెండు రకాల బండ్లు నిలబడి ఉన్నాయి, ఇథనాల్ బండ్లు, మిథనాల్ బండ్లు. కాటా అంటే కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము. ఈ కాటావాడికి ఇథనాల్ బండ్లంటే పదింతలకు పైగా మక్కువ. అవి ఉన్నంతసేపు మిథనాల్ బండ్లను బయటే ఆపేస్తాడు. బయట ఆగినంతకాలం వాటివల్ల పెద్ద హాని లేదు. ఇథనాల్ బండ్లు అయిపోయాక వీటి వంతు వస్తుంది. కాటా దాటిన ప్రతి మిథనాల్ బండీ ముందు ఫార్మాల్డిహైడ్‌గా, వెంటనే ఫార్మిక్ ఆమ్లంగా మారి బయటికొస్తుంది. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడం మనిషి ఒంటికి చాలా నిదానం. అది పేరుకుంటూ కణాలు ఆక్సిజన్ వాడుకునే యంత్రాంగాన్నే ఆపేస్తుంది. ముందుగా దెబ్బతినేది కంటి నరం.

ఒక లెక్క వేద్దాం. రాత్రి ఎనిమిదింటికి ఒకాయన 180 మిల్లీలీటర్లు తాగాడు. ఘాటు 40 శాతం, అంటే 72 మిల్లీలీటర్ల ఆల్కహాల్. అందులో మూడో వంతు, 24 మిల్లీలీటర్లు, మిథనాల్. పది మిల్లీలీటర్లతోనే చూపు పోయిన సందర్భాలున్నాయి. ముప్పై నుంచి ప్రాణం మీదికి వస్తుంది. మిగిలిన 48 మిల్లీలీటర్ల ఇథనాల్ 38 గ్రాములు. కాలేయం గంటకు సుమారు 8 గ్రాములు కరిగిస్తుంది కాబట్టి దాదాపు ఐదు గంటలు పడుతుంది. అంటే అర్ధరాత్రి ఒంటిగంట దాకా అతనికి కనిపించేది మామూలు మత్తే. ఆ తర్వాత మిథనాల్ బండ్లు కాటా ఎక్కడం మొదలవుతుంది. ఆమ్లం పేరుకోవడానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది. ఉదయం తలనొప్పి, వికారం అనిపిస్తే రాత్రి తాగింది దిగలేదులే అనుకుని వేరుశనగ చేనికి పోతాడు. మధ్యాహ్నానికి కళ్ల ముందు పొగమంచులా తెల్లగా కమ్ముకుంటుంది, కడుపులో నొప్పి, ఊపిరి వేగంగా, లోతుగా ఆడుతుంది.

ఈ లెక్కలో ఒక దుర్మార్గమైన మలుపుంది. తలనొప్పి దిగడానికని పొద్దున్నే ఇంకో గ్లాసు తాగితే కొత్త ఇథనాల్ బండ్లు వచ్చి మిథనాల్‌ను మళ్లీ ఆపేస్తాయి. ప్రమాద సూచనలు సాయంత్రానికో మర్నాటికో వాయిదా పడతాయి. అందుకే "మేం ఇద్దరం ఒకే క్యానులో తాగాం, నాకేం కాలేదు" అన్న మాటకు మొదటి రోజున విలువ లేదు. ఎక్కువ తాగినవాడికి లక్షణాలు ఆలస్యంగా రావచ్చు, అతని ఒంట్లో మిథనాల్ ఎక్కువే ఉండొచ్చు.

చికిత్స కూడా ఆ కాటా దగ్గరే. ఫోమెపిజోల్ అనే మందు కాటాకే తాళం వేస్తుంది. అది దొరకని చోట డాక్టర్లు కొలిచిన మోతాదులో ఇథనాల్ ఎక్కిస్తారు, అంటే కాటాను వేరే బండ్లతో నింపి ఉంచుతారు. ఈలోగా డయాలసిస్ బయట నిలబడ్డ మిథనాల్ బండ్లనూ, ఇప్పటికే పుట్టిన ఆమ్లాన్నీ రక్తంలోంచి బయటికి తోడేస్తుంది. సోడా బైకార్బొనేట్‌తో రక్తంలోని ఆమ్లతను తగ్గిస్తారు. ఇథనాలే మందు అని విని ఇంట్లో మరో సీసా పట్టించడం మాత్రం ప్రాణాంతకం. ఆ సీసాలో ఏముందో తెలియదు, మోతాదు తెలియదు, స్పృహ తప్పినవాడి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు నీళ్లు కాటా దాకా వెళ్లవు, వాటివల్ల పోయేది సమయమే.

చూపు మసకబారితే 108కి ఫోన్ చేసి డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికే పోవాలి, కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా. తాగిన సంగతి, ఎన్నింటికి తాగాడో, ఎంత తాగాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. సీసాలో మిగిలిందేమైనా ఉంటే మూత బిగించి వెంట తీసుకుపోవాలి. మిథనాల్‌ను తేల్చేది గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే ప్రయోగశాల యంత్రం, దానికి కొన్ని చుక్కలు చాలు. ఆ క్యానులో తాగిన మిగతావాళ్లు కులాసాగా ఉన్నా వెంట రావాలి. వచ్చిన వెంటనే రక్తంలో ఆమ్లత మామూలుగా ఉందని తేలినా ఇంటికి పంపడానికి అది చాలదు. ఒంట్లో ఇంకా ఇథనాల్ ఉన్నవాడిలో ఆమ్లం పుట్టనే పుట్టి ఉండదు, మిథనాల్ మొత్తం అప్పటికింకా రక్తంలోనే ఉంటుంది. డయాలసిస్‌తో తోడెయ్యడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు.